పుల్లటి షాట్‌కు ప్రీ-ఇన్ఫ్యూజన్ మందేనా?

అందరికీ నమస్కారం.

ఇంట్లో ఎస్ప్రెసో యంత్రం పెట్టుకున్నవారి నుంచి నేను తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. “షాట్ పుల్లగా వస్తోంది. ప్రీ-ఇన్ఫ్యూజన్ పెంచితే తగ్గుతుందా?” షాట్ అంటే యంత్రం ఒకసారి దించే ఎస్ప్రెసో, ప్రీ-ఇన్ఫ్యూజన్ అంటే అసలు ఒత్తిడి రాకముందే పొడిని నెమ్మదిగా తడపడం. ఆ పులుపు తగ్గవచ్చు. కానీ అది తగ్గే దారి చాలామంది అనుకునే దారి కాదు. ఆ దారి తెలియకపోతే రోజుల తరబడి సెకన్లు మారుస్తూ, పొడి వృథా చేస్తూ, అదే పుల్లటి కాఫీ తాగుతూ ఉంటాం. అందుకే ఈ రోజు ఈ ఒక్క విషయమే మాట్లాడతాను.

ముందుగా, నీరు పడే మొదటి క్షణాల్లో బాస్కెట్‌లో, అంటే పొడి పోసే చిల్లుల గిన్నెలో, ఏం జరుగుతుందో చూద్దాం. 18 గ్రాముల పొడిని టాంపర్‌తో నొక్కి బిళ్లలా చేశాం. అది పూర్తిగా పొడిగా ఉంది. నొక్కిన బిళ్ల పైకి ఎంత నున్నగా కనిపించినా లోపల అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా ఉంటుంది. అంచుల దగ్గర సందులు కూడా ఉండవచ్చు. దాని మీద 9 బార్ ఒత్తిడితో నీరు ఒక్కసారిగా పడితే, ఆ నీరు వదులుగా ఉన్న చోటునే వెతుక్కుంటుంది. నెర్రెలిచ్చిన మడికి ఒక్కసారిగా తూము ఎత్తేస్తే ఇదే జరుగుతుంది. నీరంతా నెర్రెల వెంట పారిపోతుంది, పక్కన మట్టి పొడిగానే ఉంటుంది. కాఫీ వాళ్లు దీన్నే చానెలింగ్ అంటారు. నీరు పారిన దారిలో ఉన్న పొడిలోంచి అవసరానికి మించి సారం దిగుతుంది. దాని పక్కనే ఉన్న పొడిలోంచి సగమే దిగుతుంది.

ప్రీ-ఇన్ఫ్యూజన్ అంటే అసలు ఒత్తిడి రాకముందే, సుమారు 1 నుంచి 4 బార్ల మధ్య తక్కువ ఒత్తిడితో, ఆ బిళ్లను నెమ్మదిగా తడపడం. పొడి తన బరువుకు కాస్త అటూఇటుగా నీటిని పీల్చుకుంటుంది. తడిసిన రేణువులు ఉబ్బి, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. చిన్న చిన్న సందులు మూసుకుంటాయి. కొత్తగా వేయించిన గింజైతే లోపల పట్టి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌లో కొంత బయటకు పోవడానికి ఈ సమయం పనికొస్తుంది. ఆ తరువాత 9 బార్లు వచ్చేసరికి నీటికి ఎదురయ్యేది పొడి బిళ్ల కాదు, అంతటా దాదాపు ఒకేలా తడిసిన బిళ్ల.

ఇది ఈ మధ్య పుట్టిన విద్య కాదు. 1940ల చివర్లో ఇటలీలో అకిల్లె గాజా తెచ్చిన స్ప్రింగ్ లీవర్ యంత్రాల్లోనే ఇది ఉంది. లీవర్‌ను కిందికి లాగి పట్టుకున్నంతసేపూ బాయిలర్‌లోని కొద్దిపాటి ఒత్తిడితోనే నీరు పొడి మీదికి చేరుతుంది. వదిలాక స్ప్రింగ్ నొక్కుతుంది. 1961లో ఫాయెమా కంపెనీ తెచ్చిన ఇ61 యంత్రంలో పంపు వచ్చింది. అయినా నీరు పొడి మీదికి దిగే భాగంలో ఒక చిన్న గది నిండేదాకా పూర్తి ఒత్తిడి పొడి మీద పడకుండా ఏర్పాటు చేశారు. ఇప్పుడు మన ఇళ్లలోని చిన్న యంత్రాల్లో ఎక్కువగా ఉండే వైబ్రేషన్ పంపు కూడా ఒత్తిడిని ఒక్కసారిగా ఎక్కించలేదు, కొన్ని క్షణాలు తీసుకుంటుంది. అంటే ప్రత్యేకంగా బటన్ లేకపోయినా మీరు కొంత ప్రీ-ఇన్ఫ్యూజన్ వాడుతూనే ఉన్నారు. రోటరీ పంపు ఉన్న పెద్ద యంత్రాల్లో ఒత్తిడి వెంటనే ఎక్కుతుంది కాబట్టి తేడా అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

అంతటా సమంగా తడిసిందో లేదో తెలుసుకోవడానికి అడుగు లేని పోర్టాఫిల్టర్‌ను, అంటే బాస్కెట్ అడుగు బయటకు కనిపించేలా దాన్ని పట్టి ఉంచే పిడిని, మించిన పరికరం లేదు. ప్రీ-ఇన్ఫ్యూజన్ జరుగుతున్నప్పుడు బాస్కెట్ అడుగును కింద నుంచి చూడండి. ముదురు గోధుమరంగు చుక్కలు అడుగంతా దాదాపు ఒకేసారి పూసలు కట్టాయంటే పని బాగా జరిగింది. ఒక పక్క చుక్కలు కారుతుండగా మరో పక్క పొడిగా మెరుస్తోందంటే, ప్రీ-ఇన్ఫ్యూజన్‌ను ఎన్ని సెకన్లు పొడిగించినా లాభం తక్కువ. అక్కడ లోపం పొడి పరవడంలో ఉంది. ఉండలు కట్టిన పొడిని సన్నని సూదులతో కలిపి విడదీయాలి, టాంపర్‌ను ఒరగకుండా నొక్కాలి. నెమ్మదిగా తడపడం చిన్న సందులను మూస్తుంది గాని, ఒక పక్కకు వాలిన బిళ్లను నిలబెట్టలేదు. ఇంకొక మాట. మొదటి చుక్కలు అడుగంతా కనబడిన క్షణమే ప్రీ-ఇన్ఫ్యూజన్ ముగించడానికి మంచి గుర్తు. గడియారం కన్నా ఆ చుక్కలనే నమ్మమని నా సలహా.

ఇప్పుడు ధార గురించి. ముందుగా తడిపితే ధార నెమ్మదిస్తుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా జరిగేది దానికి వ్యతిరేకం. మర పట్టును, అంటే పొడి ఎంత మెత్తగా రావాలో పెట్టుకునే అమరికను, మార్చకుండా ప్రీ-ఇన్ఫ్యూజన్ పొడిగిస్తే, పూర్తి ఒత్తిడి వచ్చాక ధార మునుపటికన్నా వేగంగా దిగుతుంది. ఎందుకంటే అప్పటికే బిళ్ల తడిసి, కరిగేదాంట్లో కొంత కరగడం మొదలై, నీటికి ఎదురునిలిచే బలం తగ్గింది. పొడి బిళ్ల మీద ఒక్కసారిగా ఒత్తిడి పడినప్పుడు మెత్తటి ధూళి కిందికి కొట్టుకుపోయి రంధ్రాల దగ్గర పేరుకునే ప్రమాదం కూడా ఇప్పుడు తక్కువ. పులుపు ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాస్త లేతగా వేయించిన అరకు అరబికా అనుకోండి. 18 గ్రాముల పొడి, కప్పులోకి 36 గ్రాముల కాఫీ, నీరు 93 డిగ్రీలు, ఒత్తిడి 9 బార్లు. షాట్ 24 సెకన్లలో దిగింది. దవడలు లాగేంత పులుపు, వెనక తీపి లేదు. ఇప్పుడు మర పట్టు ముట్టుకోకుండా 3 బార్ల దగ్గర 8 సెకన్ల ప్రీ-ఇన్ఫ్యూజన్ కలిపారు. గడియారం 30 సెకన్లు చూపించింది. పుస్తకాల్లో చెప్పే 25 నుంచి 30 సెకన్ల లెక్క సరిపోయింది కదా అని సంతోషిస్తారు. కానీ అందులో 8 సెకన్లు తడపడానికే పోయాయి. పూర్తి ఒత్తిడి పనిచేసింది 22 సెకన్లే, అంటే మునుపటికన్నా తక్కువ. కప్పులో పులుపు అంచు కొంచెం మెత్తబడవచ్చు, కానీ పోదు.

ఇక్కడే చాలామంది ఆగిపోయి, “ప్రీ-ఇన్ఫ్యూజన్ పనిచేయలేదు” అంటారు. ఇంకొక అడుగు వేయాలి. మర పట్టును మెత్తగా చేయండి. అదే 36 గ్రాములు ఇప్పుడు మొత్తం 37 సెకన్లకు దిగేదాకా మెత్తబరచండి. పూర్తి ఒత్తిడి వాటా 29 సెకన్లకు వచ్చింది. రేణువులు చిన్నవయ్యాయి, నీరు తాకే ఉపరితలం పెరిగింది, సారం ఎక్కువ దిగింది. పులుపు వెనకనుంచి తీపి పైకి వస్తుంది. ఇప్పుడు అసలు పరీక్ష చేయండి. అదే మెత్తటి పొడితో ప్రీ-ఇన్ఫ్యూజన్ పూర్తిగా తీసేసి ఒక షాట్ లాగండి. ధార చాలాసేపు రాకుండా బిగుసుకుపోయే అవకాశం ఉంది, లేదా ఒక మూల నుంచి పిచికారీలా చిమ్మే అవకాశం ఉంది. రుచిని మార్చింది మెత్తటి పొడి. ఆ మెత్తటి పొడిని వాడుకోగలిగేలా చేసింది ప్రీ-ఇన్ఫ్యూజన్. నా దృష్టిలో దాని అసలు విలువ ఇదే.

అదే కాఫీకి ప్రీ-ఇన్ఫ్యూజన్ లేని దారి కూడా ఉంది. మొదటి మర పట్టునే ఉంచి, షాట్‌ను 36 దగ్గర ఆపకుండా 45 గ్రాముల దాకా వదలండి. లేదా నీటి వేడిని ఒకటి రెండు డిగ్రీలు పెంచండి. పులుపు తగ్గుతుంది. షాట్‌ను పొడిగించినప్పుడు చిక్కదనం కూడా కొంత తగ్గుతుంది, ఆ బేరం మీకు నచ్చాలి. యంత్రంలో ప్రీ-ఇన్ఫ్యూజన్ సదుపాయం లేదని బాధపడేవారు ముందుగా ఈ రెండూ చేసి చూడాలి.

మరి ఏ పులుపుకు ప్రీ-ఇన్ఫ్యూజన్ నేరుగా పనిచేస్తుంది? నాలుకను అడగండి. పులుపు ఒక్కటే ఉండి, కాఫీ పలచగా, ఉప్పుఉప్పగా అనిపిస్తే సారం మొత్తంగా తక్కువ దిగింది. దానికి మందు మర పట్టు, వేడి, కప్పులోకి దిగే బరువు. పులుపుతోపాటు వగరు కూడా ఉండి, గుటక వేశాక నాలుక ఎండినట్టు, గరుకుగా ఉంటే నీరు దారులు చేసుకుని పారిందని అనుమానించాలి. ఒకే కప్పులో తక్కువ దిగిన పొడి రుచి, ఎక్కువ దిగిన పొడి రుచి కలిసిపోయాయి. ఇలాంటి షాట్‌లో ధార కూడా సాక్ష్యం చెబుతుంది. పక్కలకు చిమ్ముతుంది, ఒకచోట మాత్రం తొందరగా లేత పసుపు రంగుకు తిరుగుతుంది. ఇక్కడ పొడిని సరిగా పరచి, నెమ్మదిగా తడిపితే పులుపూ వగరూ రెండూ కలిసి తగ్గుతాయి. మరీ లేతగా వేయించిన గింజలో సహజంగా ఉండే పండ్ల పులుపు వీటిలో దేనికీ పూర్తిగా లొంగదు. అది నచ్చకపోతే గింజ మార్చడమే మంచిది.

ఎంతసేపైనా తడపవచ్చా? వద్దు. నెమ్మదిగా వచ్చే కొద్దిపాటి నీరు చల్లని పొడిని, చల్లని లోహాన్ని తాకి వేడి కోల్పోతుంది. ముఖ్యంగా విద్యుత్తు లేకుండా చేత్తో నొక్కే లీవర్ పరికరాల్లో, పోసిన నీటిని మళ్లీ వేడి చేసేది ఏదీ ఉండదు. అక్కడ 20 సెకన్లు, 30 సెకన్లు నానబెడితే అసలు ఒత్తిడి పెట్టే వేళకు నీరు చల్లారి, పోగొట్టాలనుకున్న పులుపే తిరిగి వస్తుంది. పరికరంలో నీరు పోసే గదిని, పోర్టాఫిల్టర్‌ను మరిగే నీటితో ముందే బాగా వేడెక్కించడం తప్పనిసరి. ముదురుగా వేయించిన గింజ సంగతి వేరు. దానిలోంచి సారం తేలికగా దిగుతుంది, 3 నుంచి 5 సెకన్లు చాలు. మించితే చేదు పెరుగుతుంది.

చివరగా, ప్రీ-ఇన్ఫ్యూజన్ సదుపాయం లేని చిన్న యంత్రాలవారికి ఒక హెచ్చరిక. పంపు స్విచ్‌ను రెండు సెకన్లు వేసి, ఆపి, కాసేపు ఆగి మళ్లీ వేసే చిట్కా బాగా ప్రచారంలో ఉంది. మీ యంత్రంలో మూడు దారుల సోలెనాయిడ్ వాల్వు ఉంటే, పంపు ఆపగానే అది పొడి మీది ఒత్తిడిని డ్రిప్ ట్రేలోకి వదిలేస్తుంది. ఆపినప్పుడు వినిపించే ఆ “ఫుస్” శబ్దం అదే. అప్పటికే తడిసిన బిళ్ల ఆ లాగుడుకు పైకి కదిలి పగలవచ్చు. పగిలిన బిళ్ల మీద తిరిగి 9 బార్లు పడితే మనమే చానెల్ తవ్వినట్టవుతుంది. ఆ వాల్వు లేని యంత్రాల్లో, లేదా ఆవిరి కుళాయిని తెరిచి ఉంచి పంపు నీటిలో కొంత అటు మళ్లించి, తరువాత నెమ్మదిగా మూసే వీలున్న యంత్రాల్లో ఈ పని సాఫీగా చేయవచ్చు. ఆ కుళాయిలోంచి మరిగే నీరు వస్తుంది కాబట్టి కింద లోతైన పాత్ర పెట్టుకోండి, చేయి దూరంగా ఉంచండి.