మొహం వాచిన కోడి

హోస్ట్: డాక్టర్ గారూ, హోసకోట దగ్గర మా మామకి 2,000 లేయర్ కోళ్లు. రోజుకి 60 ట్రేల గుడ్లు వచ్చేవి. ఎవరో ఇంకో ఫారంలో నుంచి 200 కోళ్లు తక్కువ ధరకి ఇస్తామంటే తెచ్చి పక్క వరుస కేజుల్లో వేశాడు. నాలుగో రోజుకే పాత కోళ్ల మొహాలు వాచి కళ్లు మూసుకుపోయాయి. వారం తిరక్కుండా 42 ట్రేలే. సీఆర్‌డీ అనే శ్వాస జబ్బు అనుకుని మందు తెచ్చాడు.

డాక్టర్: నాలుగు రోజుల్లో షెడ్డంతా పాకిందంటే ముందు కొరైజా అనే ముక్కు జబ్బు అనుకోవాలి. సీఆర్‌డీ నిదానంగా వస్తుంది. లైట్లు ఆపి షెడ్డులో నిలబడితే గరగర చప్పుడు వినిపిస్తుంది. ఒకటీ అరా తుమ్ములతో మొదలై వారాల తరబడి సాగుతుంది. మరి ముక్కు నొక్కి వాసన చూశారా?

హోస్ట్: చూశాం సార్, కుళ్లు కంపు!

డాక్టర్: అది కొరైజాలో బాగా కనిపించే గుర్తు. అయితే రెండూ కలిసి కూడా రావచ్చు, అప్పుడే చావులు పెరుగుతాయి. అందుకే మందు వేయకముందే, అప్పుడే మొహం వాచిన రెండు మూడు కోళ్లని ల్యాబ్‌కి పంపాలి. మందు పడ్డాక క్రిమి దొరకడం కష్టం.

హోస్ట్: ఆయన నీళ్లలో అమాక్సిసిలిన్ కలిపేశాడు.

డాక్టర్: ఆ మందు క్రిమి గోడని దెబ్బతీస్తుంది. సీఆర్‌డీ తెచ్చే మైకోప్లాస్మాకి ఆ గోడే లేదు, ఇక దేన్ని కొడుతుంది? సీఆర్‌డీ అనుకుంటే ఆ మందు తేకూడదు. కొరైజా కోళ్లు మందుతో తేరుకుంటాయి గానీ, ఆపాక మళ్లీ తిరగబెట్టడం మామూలే. ఇంకో మాట, మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత లేబుల్ మీద రాసినన్ని రోజులూ గుడ్లు అమ్మకూడదు. ఈ మాట అడిగేవాళ్లు తక్కువ.

హోస్ట్: కొత్త కోళ్లు మాత్రం బాగానే ఉన్నాయి సార్. తుమ్ము కూడా లేదు!

డాక్టర్: అక్కడే ఉంది కిటుకు. అవి ఎప్పుడో జబ్బుపడి కోలుకున్నవి అయ్యుంటాయి. పైకి ఏమీ ఉండదు, ముక్కులో క్రిమి ఉంటుంది. తాగే నీళ్ల ద్వారా పక్కవాటికి అంటిస్తాయి. ఇప్పుడు మీ మామ కోళ్లూ అంతే, కోలుకున్నా క్రిమిని మోస్తూనే ఉంటాయి.

హోస్ట్: వచ్చే నెల కొత్త పుల్లెట్లు, అంటే ఇంకా గుడ్లు పెట్టని పడుచు కోళ్లు, దింపాలనుకుంటున్నాడు.

డాక్టర్: ఈ మంద ఉన్న షెడ్డులో వద్దు. దీన్నంతా ఒకేసారి తీసేసి, కడిగి, మందు కొట్టి, రెండు మూడు వారాలు ఖాళీగా ఉంచమనండి. కోడి లేకపోతే ఈ క్రిమి బయట ఎక్కువ రోజులు బతకదు. పుల్లెట్లకి గుడ్లు మొదలవకముందే, కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసుల కొరైజా టీకా వేయించాలి. ఇందులో ఏ, బీ, సీ రకాలున్నాయి, మీ దగ్గర తిరిగే రకం టీకాలో లేకపోతే సరిగా పనిచేయదు. ల్యాబ్‌కి పంపమన్నది అందుకు కూడా.

హోస్ట్: అప్పటిదాకా పుల్లెట్లు వేరే షెడ్డులో ఉండొచ్చా?

డాక్టర్: దూరంగా ఉంటే ఉండొచ్చు. కానీ మేత వేసే మనిషి పొద్దున ముందు పుల్లెట్ల దగ్గరికి వెళ్లి, తర్వాతే ఇటు రావాలి. చెప్పులు, బకెట్లు దేనికవే.