టీ గ్లాసు తీసి పుస్తకం పెట్టడం: వేళ్ల పట్టు, నీడ చెడకుండా

[తెర మీద: ఫొటో. కావలిలో టీ కొట్టు రేకుల పంచ కింద తెల్ల చొక్కాలో తెలుగు అయ్యోరు. కుడి చేతిలో టీ గ్లాసు, ఛాతీ ఎత్తులో.]

రిటైర్మెంటు ఫ్లెక్సీకి ఇంట్లోవాళ్లు తెచ్చిన ఫొటో ఇది. ముఖం చాలా బాగా వచ్చింది, చేతిలో మాత్రం టీ గ్లాసు ఉంది. "గ్లాసు తీసేసి పుస్తకం పెట్టన్నా" అంటారు. ఫొటోషాప్‌లో చేసేద్దాం. కానీ గ్లాసును చెరపడానికి ముందు ఆ చెయ్యి పుస్తకాన్ని పట్టుకోగలదో లేదో చూడాలి. ఈ పని చెడిపోయేది ఎక్కువగా అక్కడే.

[తెర మీద: చెయ్యి దగ్గరగా.]

టీ వేడిగా ఉంటే గ్లాసును పైఅంచు దగ్గర రెండు వేళ్ల కొసలతో పట్టుకుంటాం. ఆ పట్టులో పుస్తకం నిలవదు, ఎంత బాగా అతికించినా గాల్లో వేలాడుతున్నట్టే ఉంటుంది. అలాంటి ఫొటో వద్దని చెప్పి ఇంకోటి అడగండి. ఇక్కడ అయ్యోరు గ్లాసును గుప్పిటతో పట్టుకున్నారు. అరచెయ్యి మనకు ఎడమవైపున ఉంది. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు గ్లాసు ముందు నుంచి కుడికి వచ్చాయి. బొటనవేలు వెనక ఉంది. చిటికెన వేలు గ్లాసు అడుగున ఆనించి ఉంది.

పుస్తకానికి ఇది మంచి పట్టు. తెలుగు పుస్తకం అట్ట మన వైపు తిరిగి ఉంటే కుట్టు ఉండే వీపు ఎడమవైపుకే వస్తుంది. ఆ వీపు అరచేతిలోకి, మూడు వేళ్లు అట్ట మీదికి, బొటనవేలు వెనక అట్ట మీదికి పోతాయి. గ్లాసు అడుగు ఆనిన చోటే పుస్తకం కింది అంచు చిటికెన వేలి మీద కూర్చుంటుంది.

ఇంకొకటి చూడండి: గోళ్లు. చూపుడు, మధ్య వేళ్ల గోళ్లు మనకు కనిపిస్తున్నాయి. గ్లాసు సన్నగా ఉంటే వేలి కొసలు చుట్టు తిరిగి గ్లాసు వెనక్కి పోతాయి. అప్పుడు ఫొటోలో అసలు కొసలే ఉండవు. వెడల్పాటి అట్ట మీద అవి కనిపించి తీరాలి కదా! లేని వేలి కొసను గీసి నమ్మించడం కష్టం. దానికన్నా అదే వెలుగులో ఎవరి చేతికైనా పుస్తకం ఇచ్చి చెయ్యి మాత్రం ఫొటో తీసుకోవడం మేలు.

[తెర మీద: వేళ్ల మీద కొలత గీత.]

ఇప్పుడు సైజు. కంటితో అంచనా వేస్తే పుస్తకం డైరీ అంతో, అట్లాసంతో అయిపోతుంది. మగవారి చేతిలో నాలుగు వేళ్ల మొదళ్ల వెడల్పు సుమారు 8 సెంటీమీటర్లు. ఈ ఫొటోలో అది 320 పిక్సెళ్లు వచ్చింది. అంటే సెంటీమీటరుకు 40 పిక్సెళ్లు. డెమీ సైజు పుస్తకం దాదాపు 14 సెంటీమీటర్ల వెడల్పు, 21.5 సెంటీమీటర్ల ఎత్తు. కాబట్టి మన పుస్తకం 560కి 860 పిక్సెళ్లు. పక్కకు కొంచెం తిరిగి ఉంటే వెడల్పు తగ్గుతుంది, ఎత్తు తగ్గదు.

మందం కూడా చూసుకోండి. వేళ్లు తెరుచుకుని ఉన్నది గ్లాసు లావుకు, అంటే ఐదారు సెంటీమీటర్లు. పల్చటి పుస్తకం పెడితే గుప్పిట ఖాళీగా కనిపిస్తుంది. ఐదారు వందల పేజీల పుస్తకం తీసుకోండి. బొటనవేలూ చూపుడువేలూ కలిసే చోటు పుస్తకం వెనక దాగేటట్టు పెడితే మిగిలిన సందు ఎవరికీ తెలియదు. అట్టను స్కాన్ చేసి వాడొద్దు, దానికి వీపూ మందమూ ఉండవు. కెమెరా ఎత్తు, వెలుగు వైపు ఈ ఫొటోలో ఉన్నట్టే ఉంచి పుస్తకాన్ని ఫొటో తీయండి.

[తెర మీద: పెన్ టూల్‌తో వేళ్ల చుట్టూ గీత.]

ముందు వేళ్లు. పెన్ టూల్‌తో మూడు వేళ్లను, చిటికెన వేలిని అంచుకు ఒక పిక్సెల్ లోపలగా గీయండి. `Ctrl+Enter` కొట్టి, ఫెదర్ 0.5 పెట్టి, `Ctrl+J`తో విడి లేయరుగా తీయండి. లోపలగా ఎందుకంటే, అంచు పిక్సెల్‌లో సగం చర్మం, సగం టీ రంగు కలిసి ఉంటాయి. దాన్ని వదిలేస్తే వేలి చుట్టూ గోధుమరంగు గీత మిగులుతుంది.

తర్వాత అసలు ఫొటో కాపీలో గ్లాసును, చొక్కా మీద పడిన దాని నీడను చెరపండి. పుస్తకం కిందికి పోయే భాగం ఎలా ఉన్నా ఫర్వాలేదు. బయటికి కనిపించే చొక్కా మడతలు మాత్రం క్లోన్ స్టాంపుతో శుభ్రంగా కలపండి.

లేయర్ల వరుస కింది నుంచి పైకి: చెరిపిన ఫొటో, చొక్కా మీద పుస్తకం నీడ, పుస్తకం, పుస్తకం మీద వేళ్ల నీడ, అన్నిటికన్నా పైన వేళ్లు.

[తెర మీద: చూపుడు వేలు కొస, 300 శాతం జూమ్.]

ఇక్కడ కాసేపు ఆగుదాం. టీ గుండా వచ్చిన వెలుగు వేళ్ల లోపలి అంచున నారింజ ఛాయ వేసింది. పుస్తకం పట్టుకున్న చేతికి ఆ రంగు రాదు. వేళ్ల లేయరు పైన ఇంకో లేయరు పెట్టి, దానికే క్లిప్ చేసి, మోడ్ `Color` చేయండి. చేతి వెనక నుంచి చర్మం రంగు తీసుకుని 20 శాతం బ్రష్‌తో ఆ అంచు మీద రుద్దండి.

గ్లాసు గుండ్రం కాబట్టి కొసలు కొంచెం వంగి ఉన్నాయి, అట్ట చదును. `Puppet Warp`లో మొదటి రెండు కణుపుల దగ్గర పిన్నులు పెట్టి కొసను మాత్రం కాస్త చాపండి. పది డిగ్రీలు దాటితే గోరు సాగినట్టు తెలిసిపోతుంది.

[తెర మీద: నీడ లేని పుస్తకం, పక్కనే నీడ ఉన్నది.]

నీడలు. వెలుగు రోడ్డు వైపు నుంచి, అంటే ఎడమ పైనుంచి వస్తోంది. కాలర్ కింద నీడ చూస్తే తెలుస్తుంది. కాబట్టి వేళ్ల నీడ కిందికీ కుడికీ పడాలి. `Multiply` మోడ్‌లో రెండు లేయర్లు, రెండూ పుస్తకానికి క్లిప్ చేసినవి. మొదటిది వేలు అట్టకు తగిలే చోట మూడు నాలుగు పిక్సెళ్ల సన్నటి గీత, 60 శాతం. రెండోది దాని పక్కన 15 పిక్సెళ్లు పరుచుకునే మెత్తటి నీడ, 25 శాతం. మొదటిది లేకపోతే వేళ్లు అట్ట మీద తేలుతాయి. రెండోది లేకపోతే స్టిక్కర్ అంటించినట్టుంటుంది.

చొక్కా మీద పుస్తకం నీడ వేరు. పుస్తకానికీ ఛాతీకీ మధ్య జానెడు దూరం ఉంది, పైగా పంచ కింద వెలుగు మెత్తన. నీడను 50 పిక్సెళ్ల దాకా బ్లర్ చేసి, పలచగా వదలండి. ఏ నీడకూ నల్లరంగు వాడొద్దు. చొక్కా మడత లోపలి ముదురు రంగును ఐడ్రాపర్‌తో తీసుకోండి, ఇక్కడ అది నీలం కలిసిన బూడిద.

అట్టలో తెల్లటి చోటు చొక్కా తెలుపును మించకూడదు. ఇన్ఫో ప్యానెల్‌లో చొక్కా 210 దగ్గరుంటే, కర్వ్స్‌తో అట్ట తెలుపునూ అక్కడికే దించండి. చివరగా ఫొటోలో ఉన్నంత నాయిస్ పుస్తకానికీ కలపండి, ఒక శాతంతో మొదలుపెట్టి.

[తెర మీద: కర్వ్స్ గీత నిలువుగా లేచి, ఫొటో విపరీతమైన కాంట్రాస్ట్‌లో.]

పరీక్షకు, అన్నిటికన్నా పైన ఒక కర్వ్స్ లేయరు వేసి గీతను నిలువుగా లేపండి. పుస్తకం నీడలు ఫొటోలో మిగతా నీడలకన్నా ముదురుగానో, వేరే రంగులోనో ఉంటే వెంటనే బయటపడతాయి. ఆ లేయరు తీసేసి, వేళ్ల దగ్గర 100 శాతం జూమ్‌లో ఒకసారి చూడండి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఫ్లెక్సీలో నడుము దాకా ఉన్న మనిషిని వేస్తే ఈ చెయ్యి అసలు చేతికన్నా పెద్దదిగా పడుతుంది. చూపుడు వేలి అంచున గోధుమరంగు గీత మిగిలిందేమో అక్కడే వెతకండి.