అమ్మమ్మకు ఉత్తరం రాసి చూశాను: ఈ లెటర్ ప్యాడ్ తెలుగుకు సరిపోతుందా?

నమస్కారం. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్న ఈ లెటర్ ప్యాడ్‌ను తయారుచేసినవాళ్లు నాకు ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. ధర, రంగులు, ఎన్ని కాగితాలుంటాయన్నది మీరు ఈపాటికి చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. దీని మీద తెనాలి దగ్గర ఉన్న మా అమ్మమ్మకు నిజంగా ఒక ఉత్తరం రాశాను. అదే నా పరీక్ష.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతారేమో. అమ్మమ్మకు వినికిడి తగ్గింది. ఫోనులో "తిన్నావా, నిద్రపోయావా" దగ్గరే మాట ఆగిపోతుంది. కంటి శుక్లాలకు ఆపరేషన్ అయ్యాక చూపు మాత్రం బాగుంది. ఉత్తరం వెళ్తే వాకిట్లో మంచం వాల్చుకుని, వేలు పెట్టి చదువుకుంటుంది. మళ్లీ మధ్యాహ్నం ఇంకోసారి చదువుతుంది.

ముందు కాగితం సంగతి. ఇది చదరపు మీటరుకు 90 గ్రాములు తూగే కాగితం. ఇంతకుముందు రెండేళ్లు ఎక్కువగా ప్రింటర్‌లో వాడే తెల్ల కాగితం మీద రాశాను. దాని మీద ఇంకు పెన్నుతో రాస్తే అక్షరం అంచులు పీచు పీచుగా పాకేవి. ఇంగ్లీషుకు ఆ పాకుడు పెద్ద నష్టం కాదు. మనకు అలా కాదు. "ద"కు, "ధ"కు తేడా ఒక చిన్న గీత. ఇంకు పాకితే ఆ గీత కలిసిపోతుంది, "మ" కడుపులో ఖాళీ పూడుకుపోతుంది. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, చూడండి. "ధాన్యం" అని రాశాను. గీత విడిగా, శుభ్రంగా నిలబడింది. నిబ్బు ఎక్కడా గీసుకోలేదు. ఇంత హాయిగా రాసుకున్న కాగితం నాకు ఈమధ్య దొరకలేదు. వెనక్కి తిప్పితే మాత్రం ముందువైపు రాత నీడలా కనిపిస్తోంది. నా కళ్లకు ఇబ్బంది లేదు గానీ, అమ్మమ్మ కోసం ఒకవైపే రాశాను.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. గీతలు. గీతకు గీతకు మధ్య దూరం 7 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచాను. ఇక్కడి బడిపిల్లల పెద్ద తరగతుల నోటు పుస్తకాల్లో కూడా 9 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంగ్లీషు, జర్మన్ అక్షరాలకు గీత కింద తోకలు కొన్నిటికే ఉంటాయి. మన రాతలో పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు. "అమ్మమ్మ" అన్న మాటే తీసుకోండి. గీత కింద రెండు మ ఒత్తులు వేలాడుతున్నాయి. సరిగ్గా దాని కింది వరుసలో "నీకు" అని పడింది. పైనుంచి ఒత్తు దిగి వచ్చి ఆ గుడిదీర్ఘం మీద కూర్చుంది. పోయిన ఏడాది ఇలాగే ఇరుకు గీతల కాగితం మీద రాసి పంపితే, "ఇక్కడ రెండక్షరాలు పోట్లాడుకుంటున్నాయే" అని అమ్మమ్మ ఫోను చేసి చెప్పింది. అక్షరాలు చిన్నవి చేయవచ్చు కదా అంటే, ఎనభై దాటిన కళ్లకు చిన్న అక్షరాలు ఎందుకు రాయాలి?

కాబట్టి వరుస విడిచి వరుస రాశాను. దాని ఖర్చు తూకంలో తెలిసింది. ఈ సైజు కాగితానికి పైన, కింద కాస్త చోటు వదిలితే 26 గీతలు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి రాస్తే 13 వరుసలే. నా ఉత్తరానికి నాలుగు కాగితాలు పట్టాయి. అదే 10 మిల్లీమీటర్ల దూరం ఉంటే పేజీకి 18 వరుసలు పట్టేవి, మూడు కాగితాల్లో అయిపోయేది. ఒక్కో కాగితం 2.8 గ్రాములు. 2025 జనవరి నుంచి ఇక్కడినుంచి విదేశాలకు 20 గ్రాముల లోపు మామూలు ఉత్తరానికి 1.25 యూరోల స్టాంపు. నాలుగు కాగితాలు 11 గ్రాములు, కవరు దాదాపు 5, మా మేడ మెట్ల దగ్గర దిగిన ఫొటో దాదాపు 4. వంటింటి తక్కెడ మీద పెడితే అంకె 19కీ 20కీ మధ్య ఊగుతోంది. ఒక్క కాగితం తగ్గి ఉంటే ఈ ఆందోళనే లేదు. ఫొటో తీసేయాల్సి వచ్చింది. అది నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఉత్తరంలో సగం ఆ మెట్ల గురించే.

ఆ భాగం చదువుతాను.

"అమ్మమ్మకు నమస్కారాలు. నేను ఇక్కడ క్షేమం, నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను. ఈ వారం మెట్లు ఊడ్చే వంతు నాది. ఈ ఊళ్లో దీన్ని కేర్‌వోఖె అంటారు, అంటే ఊడ్చే వారం. వంతు వచ్చినవాళ్ల తలుపుకు చిన్న పలక తగిలిస్తారు. మెట్లు, గుమ్మం ముందు దారి శుభ్రం చేసి, వారం అయ్యాక ఆ పలకను పక్కింటివాళ్ల తలుపుకు తగిలించాలి. పొద్దున్నే చీపురు పట్టుకుంటే నువ్వు వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లడం గుర్తొచ్చింది. ఇక్కడ ముగ్గు ఒక్కటే తక్కువ.

అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. నీకు రాత్రి ఏడయ్యేసరికి నాకు మధ్యాహ్నం మూడున్నర అయ్యేది కదా, ఇకనుంచి రెండున్నరే. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. ఆఫీసు నుంచి వచ్చేది చీకట్లోనే."

చదువుతుంటే మీకు అర్థమై ఉంటుంది, ఇందులో విశేషాలేమీ లేవు. అమ్మమ్మకు కావలసినవి ఇవే. జీతం గురించి రాస్తే ఒకసారి చదివి పక్కన పెట్టింది, మెట్ల గురించి రాస్తే ఎన్ని మెట్లని అడిగింది.

ఇంకో మాట, కవరు మీద చిరునామా గురించి. ఇంకు పెన్నుతో రాయకండి. పోయినసారి వానలో తడిసి నీలంగా కారిపోయింది, పిన్ కోడ్ మాత్రమే మిగిలింది. ఆ ఆరు అంకెలవల్లే ఊరికి చేరింది. ఇప్పుడు చిరునామా బాల్ పెన్నుతో రాస్తున్నాను. ఊరు, జిల్లా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, ఆఖరి వరుసలో పెద్ద అక్షరాలతో INDIA. ఆ ఆఖరి మాట ఇక్కడివాళ్లు చదవాలి, మిగతాది మనవాళ్లు చదువుతారు. నా ఉత్తరాలకు ఒకసారి పన్నెండు రోజులు, ఒకసారి మూడు వారాలు పట్టింది.

మరి కొనాలా? గీతలున్న ఈ ప్యాడ్ తెలుగులో రాసేవాళ్లు కొనవద్దు. కాగితం ఎంత నచ్చినా నేను డబ్బు పెట్టి దీన్ని కొనను. ఇదే కాగితంలో గీతలు లేనిది కూడా ఉంది, అది తీసుకోండి. ఒక తెల్ల కాగితం మీద 10 మిల్లీమీటర్లకొకటి చొప్పున నల్ల స్కెచ్ పెన్నుతో గీతలు కొట్టి కింద పెట్టుకుంటే, పైకి కనిపిస్తాయి. తయారీవాళ్లకు కూడా ఈ కొలత రాసి పంపాను, "అమ్మమ్మ" అన్న మాట ఫొటో తీసి జతచేశాను.

తపాలా పెట్టెకు వెళ్లే వేళయింది. ఉత్తరంలో చివరి వరుసలు ఇవి:

"చలికి ఇడ్లీ పిండి పులియడం లేదు. ఓవెన్‌లో దీపం మాత్రం వేసి రాత్రంతా లోపల పెట్టాను, పొద్దుటికి సగమే పొంగింది. మధ్యాహ్నం దాకా ఉంచితే సరిపోయింది. ఉప్పు ముందే కలపాలా, పులిశాక కలపాలా? ఫోనులో చెప్పవద్దు, రాసి పంపు."