వివాహరేఖలు, సంతానరేఖలు: ఎంతవరకు చదవవచ్చు, ఎక్కడ ఆగాలి? | రివ్యూ వీడియో

నమస్కారం. ఈ వీడియోలో నేను సమీక్షిస్తున్నది ఒక పద్ధతిని. అరచేతి అంచున, చిటికెన వేలి మొదలుకూ, వేళ్ల కింద అరచేతికి అడ్డంగా సాగే హృదయరేఖకూ మధ్యనున్న చిన్న అడ్డగీతలను చూసి ఎన్ని పెళ్లిళ్లు, ఏ వయసులో, ఎందరు పిల్లలు అని చెప్పే పద్ధతి అది. హస్తసాముద్రికాన్ని శ్రద్ధగా నేర్చుకున్నవారు చేతిలోని మిగతా రేఖల గురించి ధైర్యంగా మాట్లాడి, ఈ గీతల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు నెమ్మదిస్తారో ఒక చేతిని ఆసాంతం పరిశీలిస్తూ చూపిస్తాను. రేఖలకూ పెళ్లికీ సంబంధం ఉందని శాస్త్రీయంగా నిరూపణ అయిన ఆధారమేదీ లేదు. కాబట్టి ఈ సమీక్ష సాముద్రికం తనకు తాను పెట్టుకున్న నియమాలకు ఎంతవరకు నిలబడుతుందన్నదానికే పరిమితం.

మొదట ఆ గీతలను సరిగ్గా చూడటం తెలియాలి. అరచేతిని బల్లమీద చదునుగా పరిచి పైనుంచి ఫోటో తీస్తే ఈ గీతల్లో సగం కనిపించవు, ఎందుకంటే అవి చేతి పక్కభాగంలో మొదలై, చిటికెన వేలి కింద ఉబ్బెత్తుగా ఉండే బుధస్థానం మీదికి కొద్దిగా పాకి ఆగిపోతాయి. చేతిని పక్కకు తిప్పి, అంచును కళ్లకు ఎదురుగా పెట్టుకుని, చిటికెన వేలిని సగం వంచి చూడండి. చర్మం ఎక్కడ మడత పడుతుందో ఆ గీతలు అక్కడే ఉంటాయి. వేలిని పూర్తిగా చాచినప్పుడు తిన్నగా కనిపించిన గీత, వేలిని లోపలికి వంచినప్పుడు కిందికి వాలినట్టు కనిపించవచ్చు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

ఈ గీతలు పసిపిల్లల చేతుల్లోనూ ఉంటాయి. పెళ్లే వద్దనుకుని జీవితమంతా ఒంటరిగా గడిపినవారి చేతుల్లోనూ ఉంటాయి. ఈ ఒక్క సంగతి చాలు, 'వివాహరేఖ' అన్న పేరు గీతకు మించిన బరువు మోస్తోందని తెలియడానికి. కీరో పేరుతో ప్రసిద్ధుడైన హస్తసాముద్రికుడు 1894లో వెలువడిన తన పుస్తకంలో ఈ అధ్యాయాన్ని ఒక హెచ్చరికతో ప్రారంభించాడు: మతపరంగానో చట్టపరంగానో జరిగే వేడుకను చెయ్యి గుర్తించదు, మన జీవితం మీద ఇతరుల ప్రభావాన్ని మాత్రమే అది నమోదు చేస్తుంది అన్నది దాని సారాంశం. 1900లో బెన్‌హామ్ అనే మరో హస్తసాముద్రికుడు తన పుస్తకంలో వీటిని పెళ్లి గీతలుగా కాక అనురాగ రేఖలుగా చూశాడు. ఈ హెచ్చరికలను పక్కనపెట్టి, వాటి కింద ఉన్న నియమాలను మాత్రమే చదివేవారి వల్లనే ఈ పద్ధతికి చెడ్డపేరు వచ్చిందని నా అభిప్రాయం.

ఇక చేతి విషయానికి వద్దాం. ఈ చెయ్యి ముప్పైఎనిమిదేళ్ల స్త్రీది. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. కుడిచేతిలో హృదయరేఖ అంచు నుంచి చిటికెన వేలి మొదటి మడత వరకు స్కేలుతో కొలిస్తే 16 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ వ్యవధిలో మూడు గీతలున్నాయి. హృదయరేఖ నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తున ఒక పొట్టి గీత, 8 మిల్లీమీటర్ల ఎత్తున లోతైన పొడవాటి గీత, 12 మిల్లీమీటర్ల ఎత్తున పలచని గీత. ఎడమచేతిలో ఉన్నవి రెండే, అవి కూడా వేరే ఎత్తుల్లో ఉన్నాయి.

వయసు లెక్కకు రెండు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి. కీరో పద్ధతి ప్రకారం హృదయరేఖకు దగ్గరున్న గీత పద్నాలుగు నుంచి ఇరవైఒక్క ఏళ్ల వయసునూ, వ్యవధికి మధ్యలో ఉన్న గీత ఇరవైఒకటి నుంచి ఇరవైఎనిమిదినీ, ముప్పావు వంతు ఎత్తున ఉన్న గీత ఇరవైఎనిమిది నుంచి ముప్పైఐదునూ సూచిస్తాయి. రెండో పద్ధతిలో హృదయరేఖ దగ్గర పుట్టుక, వేలి మొదలు దగ్గర డెబ్బై ఏళ్లు అనుకుని మధ్యనున్న దూరాన్ని సమానంగా పంచుతారు. ఈ చేతిలో రెండో పద్ధతి ప్రకారం ఒక్కో మిల్లీమీటరుకు నాలుగేళ్లకు పైగా వస్తుంది. గీత మందమే సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది కనుక, గీత పై అంచును కొలిచామా కింది అంచును కొలిచామా అన్నదానితోనే రెండేళ్లు అటూ ఇటూ అవుతాయి.

ఇప్పుడు చదివి చూద్దాం. కీరో లెక్కలో 8 మిల్లీమీటర్ల దగ్గరున్న లోతైన గీత ఇరవైఒకటి నుంచి ఇరవైఎనిమిది మధ్య వివాహాన్ని చెబుతుంది. ఈమెకు ఇరవైనాలుగో ఏట పెళ్లయింది. సరిపోయింది కదా అనిపిస్తుంది. అయితే డెబ్బై ఏళ్ల లెక్క వాడే మరొకరు అదే చేతిని చూస్తే 5 మిల్లీమీటర్ల గీతను సుమారు ఇరవైరెండేళ్లుగా లెక్కించి, పెళ్లి దాదాపు అప్పుడే అయిందని సంతృప్తి పడతారు. తర్వాత లోతైన గీతను ముప్పైఐదేళ్ల దగ్గర రెండో పెళ్లిగా చదువుతారు. ఈమెకు పంతొమ్మిదేళ్ల వయసులో ఒకరు సరిగ్గా అలాగే చెప్పారట. పెళ్లయిన కొత్తలో భర్త ప్రయాణమై వెళ్లిన ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదని ఆమె నాతో చెప్పింది. ముప్పైఐదు దాటి మూడేళ్లయింది. ఆ జోస్యం జరగలేదు, కానీ పదహారేళ్లు ఆమెతో కాపురం చేసింది.

ఇక్కడ తప్పు ఎక్కడుందో నిదానంగా చూడాలి. మూడు గీతలు, రెండు లెక్కలు, రెండు చేతులు ఉన్నప్పుడు ఏదో ఒక గీత ఏదో ఒక వయసుకు దాదాపుగా సరిపోకుండా ఉండదు. జరిగింది తెలిసిన తర్వాత సరిపోయే గీతను ఎంచుకుని, మిగిలిన వాటిని 'అది పెళ్లి కాదు, ఒక అనుబంధం' అని సర్దిచెప్పడం సులువు. కీరో చెప్పిన హెచ్చరికనే సాకుగా మార్చుకునే తీరు ఇది. దీనికి విరుగుడుగా నేను పాటించే నియమం ఒకటి ఉంది. ఎదుటి మనిషి నోటివెంట ఒక్క వివరం కూడా వినకముందే, ఏ లెక్క వాడుతున్నానో, ఏ గీతకు ఏ వయసు వచ్చిందో కాగితం మీద రాసి మడిచిపెడతాను. ఆ చీటీలు చూసుకుంటే నేను తేదీలు చెప్పడం ఎందుకు మానేశానో మీకే అర్థమవుతుంది.

కొలతలో ఇంకో చిక్కు ఉంది. ఈ చేతిలో హృదయరేఖ అంచు దగ్గర రెండు పాయలుగా చీలింది. నేను కింది పాయ నుంచి కొలిచాను. పై పాయ నుంచి కొలిస్తే వ్యవధి 14 మిల్లీమీటర్లే అవుతుంది, లోతైన గీత 6 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది, డెబ్బై ఏళ్ల లెక్కలో ముప్పైఐదు కాస్తా ముప్పై అవుతుంది. మొదలే నిలకడగా లేని కొలబద్దతో కొలిచి పెళ్లి ముహూర్తం దాకా వెళ్లడం సాహసమే.

సంతానరేఖల పరిస్థితి ఇంతకంటే సున్నితం. పాశ్చాత్య పద్ధతిలో వివాహరేఖ మీద నిలువుగా లేచే సన్నని గీతలను సంతానంగా లెక్కిస్తారు, మందమైనవి మగపిల్లలనీ సన్ననివి ఆడపిల్లలనీ అంటారు. వరాహమిహిరుడి ప్రాచీన గ్రంథం బృహత్సంహిత మాత్రం సంతానరేఖలను బొటనవేలి మొదట చూడమంటుంది. అక్కడ కూడా పెద్దవి కొడుకులు, సన్ననివి కూతుళ్లు. అంటే ఒకే ప్రశ్నకు రెండు సంప్రదాయాలు అరచేతిలో రెండు ఎదురెదురు అంచులను చూపిస్తున్నాయి. రెండింటినీ కలిపి ఒకే సిద్ధాంతంగా చెప్పేవారు తమ వినేవారికి ఈ సంగతి చెప్పరు.

ఈమె చేతిలోనే లెక్కపెట్టాను. పైనున్న దీపం వెలుగులో వివాహరేఖ మీద రెండు నిలువు గీతలు కనిపించాయి. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూస్తే అవి ఐదయ్యాయి. బొటనవేలి మొదట మూడు ఉన్నాయి. ఆమెకు ఇద్దరు పిల్లలు, ఒక బాబు, ఒక పాప. పైదీపం దగ్గరే ఆగి ఉంటే నేను గొప్పగా చెప్పినట్టు లెక్క, టార్చి వేసినందుకు తప్పు చెప్పినట్టు లెక్క. పైగా కనిపించిన ఆ రెండు గీతలూ ఒకే మందంలో ఉన్నాయి కాబట్టి, నియమం ప్రకారం ఇద్దరూ మగపిల్లలో, ఇద్దరూ ఆడపిల్లలో అయి ఉండాలి. చర్మం పొడిబారినప్పుడు ఇలాంటి సన్నని గీతలు ఎక్కువగా తేలుతాయి, చెయ్యి తడిసి ఉబ్బినప్పుడు మాయమవుతాయి. ఉదయం ఒక సంఖ్య, సాయంత్రం మరో సంఖ్య వచ్చేదాన్ని సంతానసంఖ్య అనడానికి నాకు మనసొప్పదు.

సంతానం విషయంలో నేను గట్టిగా ఒక గీత గీసుకున్నాను. పిల్లలు కలుగుతారా లేదా అని అడిగినవారికి చేతిని చూసి అవుననీ కాదనీ చెప్పను, వైద్యుల దగ్గరకు వెళ్లమంటాను. 'రేఖ లేదు' అన్న ఒక్క మాటతో ఒక జంట చికిత్స వాయిదా వేసుకోవచ్చు. 'ఐదు రేఖలున్నాయి' అన్న మాటతో గర్భస్రావమైన స్త్రీ మిగతా గీతల్లో తాను పోగొట్టుకున్నవాటిని లెక్కపెట్టుకోవచ్చు. ఇంకా పుట్టని బిడ్డ ఆడా మగా అన్న ప్రశ్నకు సమాధానమే ఉండకూడదు.

ఇందాక గుర్తుంచుకోమన్న విషయానికి వస్తాను. వివాహరేఖ హృదయరేఖ వైపు వాలితే జీవిత భాగస్వామి ముందుగా మరణిస్తారని పాత పుస్తకాల్లో ఒక నియమం ఉంది. ఈమె చిటికెన వేలిని చాచినప్పుడు లోతైన గీత తిన్నగానే ఉంది. చెయ్యి సహజంగా ముడుచుకున్నప్పుడు అదే గీత కొస కిందికి వంగింది. ఒకే గీత వేలి కదలికతో దీర్ఘ దాంపత్యాన్నీ వైధవ్యాన్నీ చెబుతుందంటే, ఆ నియమాన్ని వాడకపోవడమే మేలు. నా దగ్గర నేర్చుకునేవారికి ఆ పేజీని చదవమంటాను, ఎవరి ముందూ పలకవద్దని మాత్రం మాట తీసుకుంటాను.

అలాగని ఈ అంచును పూర్తిగా వదిలేయాలని నేను అనను. సాముద్రికం తన పరిధిలో ఉండి చెప్పగలిగింది ఇక్కడ కొంత ఉంది. ఒక గీత మిగతావాటికన్నా లోతుగా, తెగిపోకుండా ఉంటే, ఆ మనిషి ఒక అనుబంధానికి గట్టిగా కట్టుబడే స్వభావం గలవారని సంప్రదాయం చెబుతుంది. ఆ మాటకైనా హృదయరేఖ తీరు, బొటనవేలి కింద కండగల శుక్రస్థానం నిండుదనం, దానికి ఎదురుగా అరచేతి అవతలి అంచున కింద ఉండే చంద్రస్థానం నుంచి వచ్చి, అరచేతి మధ్యగా పైకి సాగే విధిరేఖను చేరే సన్నని ప్రభావరేఖలు మద్దతు ఇవ్వాలి. ఒకే చోట కనిపించి మిగతా చెయ్యి బలపరచని సూచనను పక్కన పెట్టడం ఈ విద్యలో మొదటి పాఠం. ఈమె చేతిలో హృదయరేఖ పొడవుగా, గొలుసు అల్లినట్టు కాకుండా ఉంది, లోతైన గీత ఎడమచేతిలోనూ దాదాపు అంతే లోతుగా ఉంది. అందుకని ఆమె బంధాలను తేలిగ్గా తీసుకునే మనిషి కాదు అన్న ఒక్క వాక్యం మాత్రమే నేను చెప్పాను.

వెళ్లబోయే ముందు ఆమె 12 మిల్లీమీటర్ల దగ్గరున్న పలచని గీత మీద వేలు పెట్టి, మరి ఇదేమిటండీ అని అడిగింది. చిటికెన వేలిని రెండుసార్లు వంచి చూడమన్నాను. మడత సరిగ్గా అక్కడే పడింది. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ, వేలిని వంచుతూ చాస్తూ కూర్చుంది.