క్యా హై, క్యా హై అంటూనే పదకొండు మాటలు: గజల్‌ను షేర్ షేర్‌గా చదవడం

[తెరపై: నాంపల్లి వీధి, సాయంత్రం. చాయ్ బండి దగ్గర మాటలు. వాటి మీదుగా వ్యాఖ్యానం.]

హైదరాబాద్‌లో "క్యా హై" అనే మాట ఎన్ని రకాలుగా వినిపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఆటోవాలా అంటే బేరం, పక్కింటి అమ్మమ్మ అంటే ఆరా, ట్రాఫిక్‌లో ఎవరైనా అంటే తగాదా. మాట అదే, గొంతు వేరు. ఈ రోజు మనం చదవబోయే గజల్ మొత్తం ఈ రెండు ముక్కల మీదే నిలబడి ఉంటుంది. రాసింది మీర్జా గాలిబ్. పాడగా మీరు వినే ఉంటారు.

[తెరపై, ఒక్కో పాదం మెల్లగా వస్తుంది:]

దిల్-ఎ-నాదాఁ తుఝే హువా క్యా హై
ఆఖిర్ ఇస్ దర్ద్ కీ దవా క్యా హై

ఓ అమాయకపు మనసా, నీకేమైంది? ఇంతకీ ఈ నొప్పికి మందేమిటి?

ఇలాంటి రెండు పాదాల జంట ఒక షేర్. ఇందులో రెండు పాదాలూ "క్యా హై" అనే ముగిశాయి. మారకుండా తిరిగొచ్చే ఈ ముక్క రదీఫ్. దానికి ముందున్న మాటలు చూడండి: హువా, దవా. రెండూ "ఆ" శబ్దంతో ఆగాయి. ఆ ప్రాస కాఫియా. రెండు పాదాల్లోనూ కాఫియా, రదీఫ్ పెట్టి గజల్‌ను ప్రారంభించే ఈ మొదటి షేర్ మత్లా. ఇక్కడి నుంచి ప్రతి షేర్‌లోనూ మొదటి పాదానికి ఏ కట్టుబాటూ లేదు, ఛందస్సు తప్ప. రెండో పాదం మాత్రం తిరిగి "ఆ... క్యా హై" దగ్గరికే రావాలి.

తెలుగు పద్యం చదువుకున్న చెవికి ఇది కొంచెం తిరకాసుగా ఉంటుంది. మన ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర ఉంటుంది, వీళ్ళది తోక దగ్గర. అయితే ఒక విషయంలో మనం ముందే తయారుగా ఉన్నాం. శతకం మనకు తెలుసు. వేమన పద్యాలు ఒకదాని తర్వాత ఒకటి కథలా సాగవు. ఒకటి ఉప్పు కప్పురం గురించి, ఇంకొకటి అల్పుడి మాట గురించి. దేనికదే. చివర మకుటం ఒకటే. గజల్ షేర్లు కూడా అంతే, దేనికదే పూర్తి.

తేడా ఎక్కడుందంటే, "విశ్వదాభిరామ వినురవేమ" అనే పాదాన్ని తీసేసినా పద్యం అర్థం చెడదు. విషయం పై మూడు పాదాల్లోనే అయిపోతుంది, మకుటం ముద్ర వేస్తుంది. రదీఫ్‌ను అలా తీసి పక్కన పెట్టలేం. "ఇస్ దర్ద్ కీ దవా" దగ్గర ఆపేస్తే వాక్యమే పూర్తి కాదు. ప్రతి షేర్‌లోనూ రదీఫ్‌కు వాక్యంలో ఒక పని దొరకాలి, ఆ పని ప్రతిసారీ కొత్తగా ఉంటే ఇంకా మంచిది. నేను గజల్ చదివేటప్పుడు మొదట చూసేది ఇదే: ఈ షేర్‌లో రదీఫ్ ఏం పని చేస్తోంది?

[తెరపై: రెండో షేర్]

హమ్ హైఁ ముష్తాక్ ఔర్ వో బేజార్
యా ఇలాహీ యే మాజ్రా క్యా హై

నేనేమో తహతహలాడుతున్నాను, అటువైపేమో విసుగు. దేవుడా, ఏమిటీ వ్యవహారం?

మత్లాలో "క్యా హై" మనసును అడిగిన ప్రశ్న. ఇక్కడ దేవుడి ముందు చేతులెత్తేయడం. మనసు సంగతీ లేదు, మందు సంగతీ లేదు. మత్లాలో నొప్పితో ఉన్న మనిషే ఇక్కడా మాట్లాడుతున్నాడని అనుకోవాల్సిన పని కూడా లేదు. కొత్తగా చదివేవాళ్ళు సాధారణంగా ఇక్కడే తడబడతారు. "ముందు గుండెనొప్పి, తర్వాత ప్రేయసి విసుక్కుంది..." అని కథ అల్లడం మొదలుపెడతారు. మూడో షేర్‌కు వచ్చేసరికి ఆ కథ తెగిపోతుంది, కవి దారి తప్పాడనుకుంటారు. నిజానికి అక్కడ దారి అనేదే లేదు.

[తెరపై: ఎనిమిదో షేర్. "వఫా" రెండు చోట్లా వెలుగుతుంది.]

హమ్ కో ఉన్ సే వఫా కీ హై ఉమీద్
జో నహీఁ జాన్‌తే వఫా క్యా హై

ఇది నాకు చాలా ఇష్టమైన షేర్, కాస్త ఆగుదాం. అర్థం: నమ్మకంగా ఉండటమంటే ఏమిటో తెలియనివాళ్ళ నుంచి మేం నమ్మకాన్ని ఆశిస్తున్నాం.

ఇందులో ప్రశ్న ఎక్కడుంది? లేదు. "వఫా క్యా హై" అన్నది "వాళ్ళకు తెలియని సంగతి" అనే పెద్ద వాక్యంలో ఒక భాగం, అంతే. ఇంతవరకూ అడుగుతూ వచ్చిన "క్యా హై" ఇక్కడ అడగడం మానేసి, నిట్టూర్పుతో ఒక నిజం చెబుతోంది. పైగా "వఫా" మొదటి పాదంలోనే వచ్చేసింది, ఆశించిన వస్తువుగా. అదే మాట రెండో పాదంలో కాఫియా స్థానంలో కూర్చునేసరికి, ఎదుటివాళ్ళు ఎన్నడూ ఎరగని వస్తువైపోయింది. రెండు పాదాల మధ్య దూరమే ఈ షేర్ బలం.

ముషాయిరాలో, అంటే కవులు తమ షేర్లు చదివి వినిపించే సభలో, ఎలా చదువుతారో చూశారా? కవి మొదటి పాదాన్ని ఒకసారి చదివి ఆగడు, రెండు మూడు సార్లు చదువుతాడు. జనం కూడా తిరిగి అంటారు. రదీఫ్ ఏమిటో అందరికీ తెలుసు, కాఫియా శబ్దం కూడా తెలుసు. తెలియనిది ఒక్క మాట. "జో నహీఁ జాన్‌తే..." అనగానే సభలో సగం మందికి ఆ మాట అందుతుంది, కవితో పాటే "వఫా క్యా హై" అని అనేస్తారు. అనుకున్నదే వచ్చినా వాహ్ వాహ్ అంటారు, అనుకోనిది వచ్చినా అంటారు. ఏ మాటైనా సరిపోయేలా ఉంటే మాత్రం సభ చప్పబడుతుంది.

[తెరపై: పాత అచ్చు దీవాన్ పేజీ గీసిన బొమ్మ. ఒక షేర్ దగ్గర చిన్న ఉర్దూ అక్షరం.]

ఇప్పుడు చిన్న మెలిక. షేర్లు దేనికదే అన్నాను కదా, ఈ గజల్‌లోనే దానికి మినహాయింపు ఉంది.

జబ్ కి తుఝ్ బిన్ నహీఁ కోయీ మౌజూద్
ఫిర్ యే హంగామా ఐ ఖుదా క్యా హై

నువ్వు తప్ప మరొకరు లేనే లేనప్పుడు, ఈ హడావిడి అంతా ఏమిటి దేవుడా?

ఇది నాలుగోది. దీని వెనకే మూడు షేర్లు వరుసగా ప్రశ్నలు వేస్తాయి: ఈ పరీల లాంటి ముఖాలెవరివి, ఈ వయ్యారాలేమిటి, ఈ వంపులు తిరిగిన కురులెందుకు, ఈ కాటుక కళ్ళ చూపేమిటి. చివరిగా ఏడోది:

సబ్జా-ఓ-గుల్ కహాఁ సే ఆయే హైఁ
అబ్ర్ క్యా చీజ్ హై హవా క్యా హై

ఈ పచ్చదనం, పూలు ఎక్కడి నుంచి వచ్చాయి? మబ్బంటే ఏమిటి, గాలంటే ఏమిటి?

ఈ నాలుగూ కలిపి ఒకే ఆలోచన. ఇలా గొలుసుగా వచ్చే షేర్లను కితా అంటారు. అచ్చు దీవాన్లలో, అంటే కవి గజళ్ళ సంకలనాల్లో, గొలుసు మొదలయ్యే చోట "కాఫ్" అక్షరం గుర్తుగా వేస్తారు. పాడేవాళ్ళు గజల్లో నచ్చిన నాలుగైదు షేర్లు ఏరుకుని పాడటం మామూలే. షేర్లు దేనికదే కాబట్టి దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ కితాలోంచి ఏడోదాన్ని మాత్రమే ఏరితే ఏమవుతుందో చూడండి. ఒంటరిగా వింటే అది వాన ముందు నిలబడి ఆశ్చర్యపోతున్న మనిషి మాట. నాలుగోదాని వెనక వింటే అది దేవుడితో వాదం: ఉన్నది నువ్వొక్కడివే అయితే ఈ మబ్బు, ఈ గాలి ఎవరు? అద్వైతం చదువుకున్న మన తాతలు ఈ ప్రశ్నను వెంటనే పట్టుకునేవారు. విన్న పాటలో అర్థం ఎక్కడో వేలాడుతున్నట్టు అనిపిస్తే, దీవాన్ తీసి ఆ షేర్‌కు ముందేముందో ఒకసారి చూడండి.

[తెరపై: చివరి షేర్]

మైఁ నే మానా కి కుఛ్ నహీఁ 'గాలిబ్'
ముఫ్త్ హాథ్ ఆయే తో బురా క్యా హై

ఇది మక్తా. కవి తన కలం పేరు, అంటే తఖల్లుస్, పెట్టుకునే చివరి షేర్. వేమన ప్రతి పద్యంలోనూ పేరు వేసుకున్నాడు, గజల్ కవికి ఒక్క చోటు చాలు. గాలిబ్ ఎందుకూ కొరగాడు, ఒప్పుకుంటాను. ఊరికే దొరుకుతుంటే పోయేదేముంది? దిల్ అంటూ, దర్ద్ అంటూ మొదలైన "క్యా హై" ఇక్కడికొచ్చేసరికి భుజాలెగరేసింది. తనను తానే చవగ్గా అమ్మకానికి పెట్టి, బేరం కుదర్చడానికి తనే మధ్యవర్తిగా వచ్చాడు గాలిబ్.

[తెరపై: వ్యాఖ్యాత టేబుల్ దగ్గర, కాగితం, పెన్ను.]

ఇక తెలుగులో. దాశరథి తెలుగులో గజల్ మొదలుపెట్టారు, సినారె రాసి, పాడి జనంలోకి తీసుకెళ్ళారు. ఇప్పుడు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. రదీఫ్‌ను ఎవరూ తప్పరు, అది కంటికి కనిపిస్తుంది. తప్పేది కాఫియా. చూపించడానికి నేనే ఒక మత్లా కట్టాను:

మనసు విప్పి చెప్పలేని గానమెందుకు
లెక్క రాసి చేతికిచ్చు దానమెందుకు

"మెందుకు" రదీఫ్. కాఫియా గాన, దాన. ఇప్పుడు తర్వాతి షేర్:

నిన్ను చూసి నోట మాట నిలిచిపోయెను
ఇంత దూరమొచ్చినాక మౌనమెందుకు

మాత్రలు సరిపోయాయి, రదీఫ్ వచ్చింది, అర్థమూ ఉంది. అయినా చెవికి ఎక్కడో తట్టుకుంటుంది. పైకి చదవండి: గాన, దాన, మౌన. మత్లాలో రెండు మాటలూ "ఆన" అని ఆగాయి, కాబట్టి వినేవాడి చెవి "ఆన" కోసమే ఎదురుచూస్తుంది. "ఔన" దగ్గర ప్రాస జారింది. కాఫియా ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించేది మత్లానే. గాలిబ్ తన మత్లాలో హువా, దవా పెట్టాడు. వాటిలో "వా"కు ముందున్న అచ్చులు వేరు: ఒకచోట ఉ, ఒకచోట అ. దాంతో చివరి "ఆ" ఒక్కటే కట్టుబాటుగా మిగిలింది, మాజ్రా, ఖుదా, బురా హాయిగా వచ్చి చేరాయి. అదే హవా, దవా అని మొదలుపెట్టి ఉంటే వినేవాళ్ళు ప్రతిసారీ "అవా" కోసం చూసేవాళ్ళు, పదకొండు షేర్లు లాగడం కష్టమయ్యేది.

ఇలాంటివి పట్టుకోవడమే ఉస్తాదు పని. శిష్యుడి షేర్ తీసుకుని ఒక మాట కొట్టేసి ఇంకో మాట వేయడాన్ని ఇస్లాహ్ అంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఉస్తాదుగా ఉన్న ఉర్దూ కవి దాగ్ దెహల్వీ 1905లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. సమాధి ఇక్కడే, నాంపల్లి యూసుఫైన్ దర్గాలో.

నా షేర్‌కు ఇస్లాహ్ రెండు రకాలుగా చేయొచ్చు. మౌనాన్ని కొట్టేసి "ఆన" మాట వెతకడం ఒకటి. రెండోది, మౌనమే కావాలనుకుంటే, మత్లాను తెరవడం:

మనసు విప్పి చెప్పలేని మౌనమెందుకు
లెక్క రాసి చేతికిచ్చు దానమెందుకు

ఇప్పుడు మౌన, దాన మధ్య ఉమ్మడిగా ఉన్నది "న" ఒక్కటే. తర్వాతి షేర్లలోకి హీనం రావచ్చు, మీనం రావచ్చు, గానం కూడా రావచ్చు. బిగువు కొంచెం తగ్గింది, చోటు పెరిగింది. నాకైతే అర్థంలోనూ ఇదే నయమనిపిస్తోంది. ఆ రెండో షేర్‌కు మాత్రం ఇంకో కాఫియా వెతకాలి, మౌనాన్ని మత్లాలోనే వాడేశాను కాబట్టి. మీకేదైనా తడితే రాసి పంపండి.