అల్పపీడనం తెలిసిన పిల్లలకి పీడనం చెప్పడం

అందరికీ నమస్కారమండీ. నాకిచ్చిన టైం తక్కువ కాబట్టి ఒక్క పాఠం గురించే చెప్తాను, ఎనిమిదో తరగతి ప్రెజర్ పాఠం, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా పిల్లల కోసం తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో.

ఆ ఇంగ్లీషు పాఠం మంచు మీద నడిచే మనిషితో మొదలవుతుంది. మామూలు బూట్లేసుకుంటే కాలు దిగబడుతుంది, కాలికి జల్లెడంత వెడల్పు చెప్పు కట్టుకుంటే దిగబడదు. మా పిల్లలు మంచు చూసింది ఫ్రిజ్‌లోనే, అందుకని నేను తెలివిగా మంచు తీసేసి దమ్ము చేసిన మడి పెట్టా, చెప్పులు తీసేసి ట్రాక్టర్‌కి బిగించే ఇనప కేజ్ వీల్స్ పెట్టా. భలే కుదిరిందనుకున్నా. ఆ చక్రాలు ఎందుకురా అని అడిగితే వెనక బెంచీ కుర్రాడు "పట్టు కోసం సార్, లేకపోతే టైరు ఉన్నచోటే తిరుగుద్ది" అన్నాడు. వాడు చెప్పింది కరెక్టే కదండీ, వాళ్ళ నాన్నే ట్రాక్టర్ తోల్తాడు. ఆ చక్రం దిగబడకుండానూ ఆపుతుంది, పట్టూ ఇస్తుంది, రెండు పనులు కలిసిపోయిన ఉదాహరణతో ఒక విషయం నేర్పబోతే పిల్లాడు రెండోది పట్టుకుంటాడు. ఊరి వస్తువు అయినంత మాత్రాన సరిపోదని అప్పుడు అర్థమైంది, మంచు చెప్పులో ఉన్న కీలకం ఏంటంటే బరువు అదే, మారింది ఆనే చోటు ఒక్కటే. అది మిగలాలి.

చివరికి ఇటుక దొరికింది. మేస్త్రీలు తొమ్మిది-నాలుగు-మూడు అంటారే, ఆ ఇటుక, అంగుళాల్లో. ట్రేలో తడి ఇసుక పోసి సాపు చేసి, ఇటుకని ఒకసారి పడుకోబెట్టి ఒకసారి నిలబెట్టి పెట్టాం. పడుకుంటే ఆనే చోటు 9×4, అంటే 36 చదరపు అంగుళాలు, నిలబడితే 4×3, అంటే 12. ఇటుక 3 కిలోలనుకుందాం, అదే 3 కిలోలు మూడో వంతు చోట్లో పడుతున్నాయి కాబట్టి ఒక్కో అంగుళం మీద మోత మూడింతలయింది. నిలబడ్డప్పుడు ఎక్కువ దిగింది, అందరూ చూశారు. అయితే మోత మూడింతలైతే లోతు కూడా మూడింతలు దిగాలి కదా అని ఎవరో ఒకరు స్కేలు తీస్తారు, రాదండీ, ఇసుక లెక్క అంత తిన్నగా ఉండదు, ఎక్కువా తక్కువా అన్నంత వరకే అది చూపిస్తుందని ముందే చెప్పేయండి.

ఇంతవరకు నేను పీడనం అనే మాటే వాడలేదు. "ప్రమాణ వైశాల్యంపై లంబంగా పనిచేసే బలం" అని మొదటి లైన్లోనే రాస్తే బట్టీ పడతారు అంతే. ఇసుక చూశాక, ఒక్కో అంగుళం మీద పడే ఈ మోతకి పేరు పెడదాం అంటే నిర్వచనం వాళ్ళ నోటినుంచే సగం వచ్చేస్తుంది. మాట మాత్రం ఏది పెట్టాలి? ఒత్తిడి తేలిక అనుకున్నా కానీ పిల్లలకి ఒత్తిడి అంటే పరీక్షల టెన్షన్, పైగా ఒత్తడానికీ దీనికీ తేడా తెలీదు. పీడనం కష్టమైన మాట అని మనమే భయపడతాం, తుఫాన్ల సీజన్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినని పిల్లాడు మా క్లాసులో ఒక్కడూ లేడు. సగం మాట ఇంట్లోనే ఉంది, దాన్నే వాడా.

ఇక యూనిట్లు. అంగుళాలతో మొదలెట్టినా పరీక్షలో పాస్కల్సే కావాలి, అంటే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్లు అని. కిలోకి సుమారు 10 న్యూటన్లు అనుకుంటే మన ఇటుక బరువు 30 న్యూటన్లు. 36 చదరపు అంగుళాలంటే దాదాపు 232 చదరపు సెంటీమీటర్లు. ఇక్కడే క్లాసులో సగం మంది 232ని 100తో భాగించి 2.32 చదరపు మీటర్లు అని రాస్తారు, మీటరుకి వంద సెంటీమీటర్లు కదా అని. పీడనం 13 పాస్కల్స్ వస్తుంది. నిజానికి రావాల్సింది దాదాపు 1,300. తప్పని చెప్పకుండా నేను సుద్దముక్కతో నేలమీద మీటరు పొడుగు మీటరు వెడల్పు గడి గీయించా, పొడవునా వంద, అడ్డంగా వంద, మొత్తం 10,000 చిన్న గళ్ళు పడతాయని వాళ్ళే లెక్కేశారు. తర్వాత 2.32 రాసినమ్మాయిని ఆ ఇటుక ఎంతుంటుందో గీసి చూపించమన్నా. ఒక గడి గీసింది, పక్కన ఇంకోటి గీసింది, మూడోది మొదలెట్టి ఆగిపోయి, "సార్, ఇది మా ఇంట్లో మంచమంత ఉంది" అని తనే నోట్‌బుక్ తీసి కొట్టేసుకుంది.