మొదటి కిట్‌లో ముందేది కొనాలి, ఏది ఆపొచ్చు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పిల్లల్ని ఫెన్సింగ్‌లో చేర్చిన వారంలోపే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. మాస్కు, జాకెట్, కత్తి, బూట్లు, వైర్లు అన్నీ ఒకేసారి కొనాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. ఒక వరుస పాటిస్తే ఖర్చు కొన్ని నెలల మీద సర్దుకుంటుంది. అయితే అందులో రెండు వస్తువుల దగ్గర మాత్రం బేరం పెట్టకూడదు: మాస్కు, జాకెట్ లోపల వేసుకునే ప్లాస్ట్రాన్. కారణం చెబుతాను.

ఈ ఆటలో అసలు ప్రమాదం బాగున్న కత్తితో కాదు, విరిగిన కత్తితో. బాగున్న బ్లేడు తగిలితే వంగుతుంది, దాని మొన మొద్దుగా ఉంటుంది. అదే బ్లేడు వంగుతూ వంగుతూ మధ్యలో విరిగితే, మిగిలిన ముక్క చివర పదునుగా ఉంటుంది. ఎదుటి ఆటగాడు ముందుకు వస్తున్న వేగంలో దాన్ని ఆపుకోలేడు. 1982లో రోమ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సోవియట్ ఆటగాడు వ్లదిమీర్ స్మిర్నోవ్ ప్రాణం పోయింది ఇలాగే. ప్రత్యర్థి ఫాయిల్ కత్తి విరిగి, మాస్కు జాలీలోంచి దూసుకుపోయింది. ఆ తర్వాతే మాస్కులు, దుస్తులు, బ్లేడ్ల ప్రమాణాలు బాగా కఠినమయ్యాయి. మీరు కొనే దుస్తుల లోపలి లేబుల్ మీద కనిపించే అంకెలు ఆ ప్రమాణాలవే.

లేబుల్ మీద 350 న్యూటన్లు అనో, 800 న్యూటన్లు అనో ఉంటుంది. ఒక మొనను ఎంత బలంతో నొక్కినా గుడ్డ చిరగకుండా తట్టుకోవాలో చెప్పే అంకె అది. అంతర్జాతీయ పోటీల్లో జాకెట్, ప్లాస్ట్రాన్, ఫెన్సింగ్ ప్యాంటు అయిన బ్రీచెస్ మూడూ 800 ఉండాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు జాకెట్, బ్రీచెస్ 350వి చాలు. ప్లాస్ట్రాన్ మాత్రం మొదటిసారి కొనేటప్పుడే 800ది కొనండి. అంకె లేని లేబుల్, చెరిగిపోయిన లేబుల్ ఉన్న దుస్తులు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ప్లాస్ట్రాన్ అంటే జాకెట్ లోపల, కత్తి పట్టే చేతివైపు వేసుకునే సగం జాకెట్ లాంటిది. ఛాతీలో ఆ పక్కను, చంకను, మోచేయి దాకా చేతిని కప్పుతుంది. చెయ్యి ముందుకు చాపినప్పుడు చంక తెరుచుకుంటుంది, జాకెట్ కుట్టు సరిగ్గా అక్కడే లాగబడుతుంది. చిరిగితే అక్కడే చిరుగుతుంది. దాని వెనకే పెద్ద రక్తనాళాలు, ఊపిరితిత్తి ఉన్నాయి. అందుకే ప్లాస్ట్రాన్‌కు చంక దగ్గర కుట్టు ఉండదు. కొనేటప్పుడు తిరగేసి వేలితో తడిమి చూడండి. అక్కడ కుట్టు తగిలితే అది ప్లాస్ట్రానే కాదు.

ఇక మాస్కు. ఇందులో ఎక్కువ మంది చేసే పొరపాటు, పెరిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దది తీసుకోవడం. చొక్కాకు ఆ తెలివి పనికొస్తుంది గానీ మాస్కుకు పనికిరాదు. వదులు మాస్కు దెబ్బకు పక్కకు తిరుగుతుంది, గడ్డం కింద ఖాళీ ఏర్పడుతుంది. పెట్టుకుని, వెనక పట్టీ బిగించి, తలను గట్టిగా అటూ ఇటూ ఊపమనండి, కిందికి వంచమనండి. మాస్కు తలతో పాటే కదలాలి. గొంతును కప్పే బిబ్ జాకెట్ కాలర్ మీదికి పూర్తిగా దిగాలి.

వాడిన మాస్కు ఎవరైనా ఇస్తామంటే ముందు క్లబ్‌కు తీసుకురండి. జాలీని 12 కిలోల బలానికి అమర్చిన స్ప్రింగ్ పంచ్‌తో పరీక్షించాలి. ఈ పరీక్ష ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో చేసేది కాదు. ఇంట్లో చూడాల్సింది వేరే: జాలీలో లోతైన సొట్ట, పక్కపక్క తీగలు ఎడమవడం, తుప్పు. వీటిలో ఏది కనిపించినా ఆ మాస్కు వద్దు. తుప్పు ఎక్కువగా మన అజాగ్రత్త వల్లే పడుతుంది. తడిసిన గ్లవ్‌ను మాస్కు లోపల కుక్కి, బ్యాగు జిప్ వేసి రెండు రోజులు మరిచిపోతే చాలు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. పదేళ్ల అమ్మాయి, కుడిచేతి వాటం, ఫాయిల్ నేర్చుకుంటోంది అనుకోండి. మొదటి నెల మాస్కు, జాకెట్, ప్లాస్ట్రాన్, కత్తి క్లబ్‌వే వాడుకుంటుంది. సొంతంగా కొనాల్సింది కుడిచేతి గ్లవ్ ఒకటి, గట్టి ప్లాస్టిక్ ఛాతీ కవచం ఒకటి. గ్లవ్ ఎందుకంటే అది చెమటతో తడిసేది, పదిమంది పంచుకునేది కాదు, పైగా కిట్‌లో చవకైన వాటిలో ఒకటి. దాని అంచు జాకెట్ చేతి మీదుగా ముంజేతిలో సగం దాకా రావాలి. లేకపోతే మొన చేతిలోపలికి దూరుతుంది. ఛాతీ కవచం అమ్మాయిలకు తప్పనిసరి. ఫాయిల్ పోటీలకు దాని పైన మెత్తటి ఫోమ్ పొర ఉన్నదే చెల్లుతుంది, కాబట్టి మొదటే అలాంటిది కొంటే రెండోసారి కొనే పని తప్పుతుంది. అబ్బాయిలకు ఛాతీ కవచం ఐచ్ఛికం, నడుం కింద గార్డు మాత్రం ఉండాలి.

రెండో నెలకీ పాప ఉత్సాహంగానే వస్తుంటే ప్లాస్ట్రాన్, మాస్కు కొనండి. జాకెట్, బ్రీచెస్ ఆ తర్వాతే. మాస్కు, జాకెట్ కలిసి మొదటి కిట్ ఖర్చులో పెద్ద వాటా తినేస్తాయి, అందుకే వాటిని ఒకే నెలలో పెట్టకండి. జాకెట్ కాస్త వదులైనా ఫర్వాలేదు. అయితే మోకాళ్లు వంచి నిలబడ్డప్పుడు అది బ్రీచెస్ మీదికి కనీసం 10 సెంటీమీటర్లు దిగాలి, కాళ్ల మధ్య పట్టీ దాన్ని పైకి జరగకుండా ఆపాలి. చేతుల దగ్గర మడతలు పడేంత పెద్దది మాత్రం వద్దు. మొన ఆ మడతల్లో చిక్కుకుంటుంది. ఎడమచేతి వాటం పిల్లలకు గ్లవ్, ప్లాస్ట్రాన్, జిప్ పక్కనున్న జాకెట్ అన్నీ ఎడమచేతివే తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

కత్తి చివర్లో. ఈ వయసుకు 2వ నంబరు బ్లేడు సరిపోతుంది, పొడవు సుమారు 82 సెంటీమీటర్లు. పెద్దవాళ్లు వాడే 5వ నంబరు 90 ఉంటుంది. ముందే కొనిపెడితే దాని బరువుకు మణికట్టు వాలిపోతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: బ్లేడు అరిగిపోయే వస్తువు. విరిగితే బ్లేడు ఒక్కటే మారుస్తాం. గార్డు, పిడి పాతవే ఉంటాయి. కాబట్టి ఖర్చులో ఏటా ఒకటో రెండో బ్లేడ్లకు చోటుంచండి. మెల్లగా విల్లులా వంగడం మామూలే. ఒకే చోట మెలిక తిరిగినా, అంచున గోటికి తగిలే గాటు పడినా విరగబోతున్నట్టే, వాడకం ఆపేయాలి.

బూట్లకు తొందర లేదు. అడుగు పలచగా, సమంగా ఉండే ఇండోర్ కోర్టు బూట్లు చాలు. మడమ ఎత్తుగా ఉండే పరుగు బూట్లు వద్దు, ముందు కాలు దూరంగా చాచి లంజ్ చేసినప్పుడు చీలమండ మెలిపడుతుంది. జాకెట్ పైన వేసుకునే లోహపు తీగల లామే, కత్తిని స్కోరు యంత్రానికి కలిపే వైరు బాడీ కార్డు, ఎలక్ట్రిక్ ఫాయిల్, ఇవి పోటీలకు పేరిచ్చినప్పుడే. అప్పుడు కత్తీ కార్డూ రెండేసి కావాలి, ఎందుకంటే బౌట్ మధ్యలో ఒకటి పనిచేయకపోతే వెంటనే రెండోది చేతిలో ఉండాలి. ఆ ఖర్చు చిన్నదేమీ కాదు, ముందే తెలిసి ఉండటం మంచిది.

జాకెట్‌ను గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. బ్లీచ్ తగలనివ్వకండి, మరక పోయినా గుడ్డలో బలం కూడా పోతుంది.

ఆర్డర్‌కు ముందు ఈ కొలతలు రాసి ఇవ్వండి: ఎత్తు, ఛాతీ, నడుము, గ్లవ్ కోసం అరచేతి చుట్టుకొలత, మాస్కు కోసం గడ్డం కింద నుంచి నడినెత్తి మీదుగా తల చుట్టుకొలత. పక్కనే ఏ చేతి వాటమో పెద్ద అక్షరాలతో రాయండి.